మూడో పోల్‌ని ఎప్పుడు వదిలేయవచ్చు? డామినెంట్ పోల్ అప్రాక్సిమేషన్ వాడే పద్ధతి, అది ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకునే దారి

కంట్రోల్ సిస్టమ్స్ చదివిన వాళ్లందరికీ ఒక సూత్రం నోటికి వచ్చు: మిగతా పోల్స్ డామినెంట్ జంట కంటే 5 రెట్లు ఎడమకి ఉంటే వాటిని వదిలేసి మొత్తాన్ని సెకండ్ ఆర్డర్ సిస్టమ్‌గా చూసుకోవచ్చు. మరీ జాగ్రత్తగా ఉండేవాళ్లు 5 బదులు 10 అంటారు. సూత్రం తప్పేమీ కాదు, కానీ అందులో రెండు ముఖ్యమైన సంగతులు లేవు. ఒకటి, ఆ పోల్స్ లూప్ మూయకముందువా, మూసిన తర్వాతవా? రెండు, వదిలేస్తున్న పోల్ మనం చూస్తున్న అవుట్‌పుట్‌లో ఎంత మోతాదులో కనిపిస్తోంది? ఈ రెండూ చూడకుండా దూరం మాత్రమే కొలిస్తే, 40 రెట్లు దూరంలో ఉన్న పోల్ కూడా మన లెక్కని తలకిందులు చేయగలదు. ఇది మాటవరసకి అన్నది కాదు, కింద లెక్కతో సహా చూపిస్తాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే జంటని పట్టుకుని వెళ్దాం. పోల్స్ -1 ± j2, అంటే హారం s² + 2s + 5. దీనికి ωn = 2.236, ζ = 0.447. శుద్ధమైన సెకండ్ ఆర్డర్ అయితే స్టెప్ ఇచ్చినప్పుడు ఓవర్‌షూట్ 20.8%, పీక్ వచ్చే సమయం π/2 = 1.57 సెకన్లు, 2% సెట్లింగ్ టైమ్ సుమారు 4 సెకన్లు. ఈ మూడు అంకెల్నీ గుర్తుపెట్టుకోండి, ప్రతి మెట్టు దగ్గరా వీటితోనే పోల్చబోతున్నాం.

మెట్టు 1: ముందు లూప్ మూయండి, ఆ తర్వాతే పోల్ వదిలేయండి

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ వరుస తప్పడమే, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ఒక మోటార్ పొజిషన్ లూప్ లాంటిది తీసుకోండి. ఓపెన్ లూప్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఇది:

```
G(s) = 20K / ( s (s+2) (s+20) )
```

-20 దగ్గరున్న పోల్, -2 దగ్గరున్న పోల్ కంటే 10 రెట్లు దూరం. సూత్రం ప్రకారం నిశ్చింతగా వదిలేయవచ్చు అనిపిస్తుంది. వదిలేస్తే K / (s(s+2)) మిగులుతుంది, లూప్ మూస్తే హారం s² + 2s + K. K = 5 పెడితే సరిగ్గా మన జంటే వస్తుంది, కాబట్టి 20.8% ఓవర్‌షూట్ ఆశిస్తాం.

ఇప్పుడు ఏదీ వదలకుండా లూప్ మూసి చూడండి. హారం s³ + 22s² + 40s + 20K అవుతుంది. K = 5 దగ్గర మూడో పోల్ -20.27కి వెళ్తుంది, జంట మాత్రం -1 ± j2 దగ్గర ఉండదు. దాని రియల్ పార్ట్ -0.865కి తగ్గిపోతుంది, ζ 0.447 నుంచి 0.39కి పడిపోతుంది, ఓవర్‌షూట్ 26.5% దగ్గరికి చేరుతుంది. మూడో పోల్ జంట కంటే 23 రెట్లు ఎడమకి ఉంది, అయినా ఓవర్‌షూట్ అంచనా దాదాపు 6 పాయింట్లు తప్పింది.

గెయిన్ పెంచండి. K = 20 దగ్గర మన అంచనా ζ = 0.224, ఓవర్‌షూట్ 48.6%. అసలు సిస్టమ్‌లో మూడో పోల్ -21.0, జంట రియల్ పార్ట్ -0.499, ζ = 0.114, ఓవర్‌షూట్ దాదాపు 70%. ఇక్కడ మూడో పోల్ 42 రెట్లు దూరం! K = 44 దగ్గర హారం (s + 22)(s² + 40)గా విడిపోతుంది, అంటే సిస్టమ్ 6.32 రేడియన్/సెకను దగ్గర ఆగకుండా ఊగుతూనే ఉంటుంది, ఇంకాస్త పెంచితే అన్‌స్టేబుల్. మనం రాసుకున్న s² + 2s + K మాత్రం K ఎంత పెంచినా, ఎప్పటికీ స్టేబులే అని చెబుతుంది.

గమనించండి, గెయిన్ పెంచేకొద్దీ మూడో పోల్ 20 నుంచి 21కి, 22కి ఇంకా దూరం జరుగుతోంది, అంచనా మాత్రం ఇంకా పాడవుతోంది. కారణం ఏమిటంటే ఆ పోల్ చేసే పని దాని సొంత ఎక్స్‌పొనెన్షియల్‌లో లేదు, అది ఎప్పుడో చచ్చిపోతుంది. అది లూప్‌లో ఉన్నంతసేపూ ఫేజ్ తినేస్తూ, డామినెంట్ జంటనే కుడివైపుకి నెట్టుతోంది. లూప్ మూశాక వచ్చిన నిజమైన జంటని (-0.499 ± j4.34) తీసుకుని సెకండ్ ఆర్డర్ లెక్క వేస్తే జవాబు చక్కగానే సరిపోతుంది. అప్రాక్సిమేషన్ పనికిరాక కాదు, దాన్ని తప్పు చోట వాడటం వల్ల వచ్చిన తేడా ఇది.

మూడో పోల్‌తో లెక్క చేయడం కుదరనప్పుడు, లేదా ప్లాంట్‌లో ఆ పోల్ కచ్చితంగా ఎక్కడుందో తెలియనప్పుడు, క్రాస్ఓవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర అది ఎంత ఫేజ్ తింటుందో చూడండి, చాలు. K = 5 దగ్గర సరళ మోడల్ క్రాస్ఓవర్ 1.84, ఫేజ్ మార్జిన్ 47°. -20 పోల్ అక్కడ తినేది atan(1.84/20), సుమారు 5°. K = 20 దగ్గర క్రాస్ఓవర్ 4.25, మార్జిన్ 25°, పోల్ తినేది 12°, అంటే దాదాపు సగం. K = 44 దగ్గర ఉన్న 17° మొత్తం అదే మింగేస్తుంది. నేను పెట్టుకునే హద్దు ఇది: వదిలేయబోయే పోల్స్ అన్నీ కలిసి మార్జిన్‌లో పదో వంతు కంటే ఎక్కువ తింటుంటే ఓపెన్ లూప్‌లో వాటిని వదలను. ఈ లెక్కన K = 5 దగ్గరే కాస్త అనుమానించాల్సింది, 26.5% చూశాం కదా.

మెట్టు 2: పోల్ తీసేసేటప్పుడు DC గెయిన్ చెడగొట్టకండి

చిన్న సంగతే, త్వరగా చెప్పేస్తాను. (s + 20)ని చెరిపేయకూడదు, ముందు దాన్ని 20(1 + s/20) అని రాసి, బ్రాకెట్‌ని మాత్రమే 1 అనుకోవాలి. 20 అక్కడే ఉండాలి. ఇది మర్చిపోతే ఫైనల్ వాల్యూ 20 రెట్లు తేడా వస్తుంది. తీసేశాక s = 0 పెట్టి పాత ఫంక్షన్, కొత్త ఫంక్షన్ రెండూ ఒకే విలువ ఇస్తున్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది.

మెట్టు 3: దూరం ఎంత ఉంటే ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూడండి

ఇక్కడి నుంచి మాట్లాడేవన్నీ లూప్ మూసిన తర్వాతి పోల్సే. జంట నిజంగానే -1 ± j2 దగ్గర ఉంది, జీరోలు లేవు, -p దగ్గర మూడో పోల్ ఉంది అనుకుందాం:

```
T(s) = 5p / ( (s+p) (s² + 2s + 5) )
```

p = 10 అయితే ఓవర్‌షూట్ 20.2%, పీక్ 1.68 సెకన్ల దగ్గర. దాదాపు శుద్ధ సెకండ్ ఆర్డరే, ఎవరూ అభ్యంతరం చెప్పరు. p = 5 అయితే ఓవర్‌షూట్ 18.4%, పీక్ 1.80 దగ్గర. ఇది సూత్రం సరిగ్గా ఒప్పుకునే హద్దు, అయినా పీక్ సమయం 15% జారింది. ఓవర్‌షూట్ మాత్రమే కావాలంటే ఫర్వాలేదు, టైమింగ్ ముఖ్యమైన చోట ఫర్వాలేదు అనలేం. p = 2 అయితే రెస్పాన్స్ 1 - e^(-2t) - e^(-t) sin 2t అవుతుంది, ఓవర్‌షూట్ 9.3%కి పడిపోతుంది, పీక్ 2.17 దాకా ఆలస్యమవుతుంది. ఇక్కడ సెకండ్ ఆర్డర్ అనుకోవడం శుద్ధ తప్పు.

p = 10 దగ్గర వచ్చిన తేడాని దగ్గరగా చూస్తే ఒక ఉపాయం దొరుకుతుంది. పీక్ 0.11 సెకన్లు ఆలస్యమైంది, 1/p = 0.1. అంటే దూరపు పోల్ వేవ్ ఆకారాన్ని పెద్దగా మార్చకుండా మొత్తాన్ని కాస్త వెనక్కి జరుపుతోంది. కాబట్టి అలాంటి పోల్‌ని పూర్తిగా పారేసే బదులు 1/p సెకన్ల డిలేగా ఉంచుకోవడం మేలు. ఇలాంటి దూరపు పోల్స్ నాలుగైదు ఉంటే వాటి 1/p విలువలన్నీ కూడి ఒకే డిలేగా పెట్టుకోవచ్చు. విడివిడిగా ఒక్కొక్కటీ వదిలేయదగినదే అయినా అన్నీ కలిస్తే ఎంతవుతుందో ఆ కూడికలో బయటపడుతుంది.

మెట్టు 4: రెసిడ్యూ లెక్కవేయండి, అసలు పరీక్ష ఇదే

స్టెప్ రెస్పాన్స్‌ని పార్షియల్ ఫ్రాక్షన్స్‌గా విడగొడితే, ప్రతి పోల్ ముందూ ఒక గుణకం వస్తుంది, అదే రెసిడ్యూ. పోల్ స్థానం ఆ ముక్క ఎంతసేపు బతుకుతుందో చెబుతుంది, రెసిడ్యూ అది ఎంత పెద్దదో చెబుతుంది. రెండూ తెలియకుండా ఏ పోల్ డామినెంటో తేల్చలేం.

పైన మూడో పోల్ రెసిడ్యూ చేత్తోనే వస్తుంది: -5/(p² - 2p + 5). p = 10కి -0.059, p = 5కి -0.25, p = 2కి సరిగ్గా -1. జంట వైపు ఆంప్లిట్యూడ్ p = 2 దగ్గర 1. అంటే వదిలేద్దామనుకున్న ముక్క, ఉంచుకుందామనుకున్న ముక్క రెండూ సమానం. దూరం 2 రెట్లు అని చెప్పడం కంటే ఈ సమానత్వం చూస్తే విషయం సూటిగా అర్థమవుతుంది.

వాడే తీరు ఇలా ఉంటుంది. జంట కంటే వేగంగా చచ్చిపోయే పోల్ అయితే, మీకు ముఖ్యమైన క్షణంలో (సాధారణంగా పీక్ దగ్గర) రెసిడ్యూ × e^(-pt) ఎంత మిగిలిందో చూడండి. p = 5కి పీక్ దగ్గర అది 0.00003, అంటే ఏమీ లేదు. మరి ఓవర్‌షూట్ 20.8 నుంచి 18.4కి ఎందుకు మారింది? ఆ పోల్ జంట రెసిడ్యూని కూడా మారుస్తుంది కాబట్టి: ఆంప్లిట్యూడ్ 1.118 నుంచి 1.25కి పెరిగింది, ఫేజ్ వెనక్కి జరిగింది. చాలామంది మూడో పోల్ ముక్క చచ్చిపోయిందా అని మాత్రమే చూసి వదిలేస్తారు. జంట ముందున్న గుణకం శుద్ధ సెకండ్ ఆర్డర్ విలువకి దగ్గరగా ఉందా అన్నది కూడా చూడాలి.

జంట కంటే నెమ్మదిగా చచ్చిపోయే పోల్ అయితే ఇంకా సులువు. దాని రెసిడ్యూ ఫైనల్ వాల్యూలో 2% కంటే తక్కువైతే 2% సెట్లింగ్‌ని అది పెద్దగా కదపలేదు. ఎక్కువైతే సెట్లింగ్ టైమ్ నిర్ణయించేది అదే, ఓవర్‌షూట్ మాత్రం జంట చేతిలో ఉంటుంది. ఒక్కో స్పెసిఫికేషన్‌కి ఒక్కో పోల్ డామినెంట్ కావచ్చు.

మెట్టు 5: జీరోలు ఎక్కడున్నాయో చూడండి

పోల్స్ దూరం సూత్రం జీరోల ఊసే ఎత్తదు, అసలు గొడవ చాలాసార్లు అక్కడే ఉంటుంది. మూడో పోల్ అసలు లేదు, -z దగ్గర ఒక జీరో ఉంది అనుకోండి. అప్పుడు రెస్పాన్స్ = పాత రెస్పాన్స్ + (1/z) × దాని డెరివేటివ్. z పెద్దదైతే ఆ రెండో ముక్క చిన్నది. z = 2 అయితే ఓవర్‌షూట్ 20.8 నుంచి 40%కి వెళ్తుంది, పీక్ 1.02 సెకన్లకే వచ్చేస్తుంది. z = 1 అయితే 91%! పోల్స్ ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు, ζ ఇంకా 0.447 అనే అంటోంది. ζ చూసి ఓవర్‌షూట్ చార్ట్ తెరిచే అలవాటు ఉన్నవాళ్లు ముందుగా న్యూమరేటర్ చూడాలి.

ఎడమ సగంలో ఉన్న జీరో కంట్రోలర్ వల్ల వచ్చిందైతే, రిఫరెన్స్ దారిలో 1/(1 + s/z) ఫిల్టర్ పెడితే అది కొట్టుకుపోయి మళ్లీ 20.8% దొరుకుతుంది. కుడి సగంలో జీరో ఉంటే ఈ పని చేయకూడదు, ఫిల్టరే అన్‌స్టేబుల్ అవుతుంది. అలాంటి జీరో ఉంటే రెస్పాన్స్ ముందు ఉల్టా దిశలో వెళ్లి తర్వాత తిరుగుతుంది, ఏ సెకండ్ ఆర్డర్ మోడల్ (జీరో లేనిది) దాన్ని చూపించలేదు.

మెట్టు 6: నెమ్మది పోల్, పక్కనే జీరో ఉన్న జంటల్ని నమ్మకండి

PI కంట్రోలర్ పెట్టిన లూప్స్‌లో ఇది తరచూ ఎదురవుతుంది. కంట్రోలర్ జీరో -0.11 దగ్గర, లూప్ మూశాక ఒక పోల్ దాని పక్కనే -0.1 దగ్గర, మిగతా జంట మన పాత -1 ± j2. పుస్తకంలో చెప్పినట్టు పోల్, జీరో ఒకదాన్నొకటి కొట్టేస్తాయి అని రెండిటినీ చెరిపేస్తే 4 సెకన్లలో సెటిల్ అవ్వాలి. రెసిడ్యూ తీసి చూడండి:

```python
import numpy as np
from scipy.signal import residue

num = [0.5/0.11, 0.5]
den = np.polymul([1, 0.1], [1, 2, 5])
r, p, k = residue(num, np.polymul(den, [1, 0]))
for a, b in zip(p, r):
    print(a, abs(b))
```

చివర్లో [1, 0]తో గుణించింది స్టెప్ ఇన్‌పుట్ 1/s కోసం. జంటలో ఒక్కో పోల్‌కి 0.507 వస్తుంది, ఇద్దరూ కలిస్తే ఆంప్లిట్యూడ్ సుమారు 1.01. -0.1 పోల్‌కి 0.0945. అంటే 90 శాతం పని వెంటనే అయిపోతుంది, మిగిలిన 9.45% మాత్రం 10 సెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో పాకుతూ వస్తుంది. 2% లోపలికి చేరేసరికి 10 × ln(0.0945/0.02), దాదాపు 15.5 సెకన్లు. 4 అనుకున్నది 15.5 అయింది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ జీరో రిఫరెన్స్ నుంచి అవుట్‌పుట్‌కి వెళ్లే దారిలోనే ఉంటుంది. ప్లాంట్ ఇన్‌పుట్ దగ్గర లోడ్ డిస్టర్బెన్స్ పడితే, ఆ దారిలో -0.11 జీరో ఉండదు, దాని స్థానంలో ఇంటిగ్రేటర్ వల్ల వచ్చిన జీరో s = 0 దగ్గర ఉంటుంది. పోల్స్ అవే, కానీ ఇప్పుడు -0.1 పోల్‌ని అణచిపెట్టేవాళ్లు లేరు. స్టెప్ డిస్టర్బెన్స్‌కి ప్లాంట్ గెయిన్ వల్ల వచ్చే స్థిరాంకం k అనుకుంటే, రెస్పాన్స్ k/((s + 0.1)(s² + 2s + 5)), నెమ్మది పోల్ రెసిడ్యూ k/4.81, ఊగే ముక్క ఆంప్లిట్యూడ్ 0.228k. రెండూ దాదాపు సమానమే, కానీ ఊగే ముక్క 4 సెకన్లలో పోతుంది, నెమ్మది ముక్క తన మొదటి విలువలో 2%కి రావడానికి 10 × ln 50, అంటే 39 సెకన్లు పడుతుంది. సెట్‌పాయింట్ మార్చినప్పుడు చురుగ్గా కనిపించిన లూప్, లోడ్ మారినప్పుడు ఎందుకు అంత బద్ధకంగా కోలుకుంటుందో ఈ లెక్కలో ఉంది. అందుకే ప్రతి ఇన్‌పుట్‌కీ రెసిడ్యూలు విడిగా తీయాలి. ఒక దారికి సెకండ్ ఆర్డర్ సరిపోయిందని ఇంకో దారికి అదే మోడల్ వాడకూడదు.

చేతిలో మోడల్ లేదు, రికార్డ్ చేసిన కర్వ్ మాత్రమే ఉంటే

జీరో లేని శుద్ధ సెకండ్ ఆర్డర్‌లో, మొదలు నుంచి మొదటి పీక్ దాకా పట్టే సమయం, ఆ పీక్ నుంచి తర్వాతి లోయ దాకా పట్టే సమయం సమానం, రెండూ π/ωd. మన జంటకి రెండూ 1.57. స్కోప్ మీదో డేటా ఫైల్‌లోనో ఈ రెండు అంతరాలనీ కొలవండి. మొదటిది పెద్దదైతే వదిలేసిన పోల్ (లేదా డిలే) ఉంది: p = 10కి 1.68 పక్కన 1.57, p = 2కి 2.17 పక్కన సుమారు 1.5. మొదటిది చిన్నదైతే జీరో ఉంది: z = 2కి 1.02 పక్కన 1.57. స్టెప్ పడ్డ క్షణంలో కర్వ్ చదునుగా కాకుండా ఏటవాలుగా మొదలైనా అది జీరో గుర్తే.

తోక కోసం ఎర్రర్ లాగరిథమ్ గీయండి. ఊగడం తగ్గిపోయాక అది సరళరేఖలా మిగిలితే, దాని వాలు నెమ్మది పోల్ విలువ, ఆ రేఖని t = 0 దాకా వెనక్కి పొడిగిస్తే తగిలే చోటు నుంచి రెసిడ్యూ దొరుకుతుంది. పై ఉదాహరణలో సెకనుకి -0.1 వాలు, ln 0.0945 దగ్గర కోత. ఇది చేసేటప్పుడు రికార్డింగ్ తగినంత పొడవు ఉండాలి. 5 సెకన్లకే ఆపేస్తే ఫైనల్ వాల్యూని సుమారు 0.94 అనుకుంటారు, స్టెడీ స్టేట్ ఎర్రర్ ఉందని పొరబడి ఇంటిగ్రల్ గెయిన్ వెతకడం మొదలుపెడతారు, నిజానికి అది ఇంకా ఎక్కుతూనే ఉంది.